రెండు ‘2023-24’ల మధ్య ఇరుక్కున్న ఈసాప్ పన్ను

ఈసాప్, అంటే ఉద్యోగి తన కంపెనీ షేర్లని ముందే చెప్పిన ధరకు కొనుక్కునే పథకం, దాని మీద ఆదాయపు పన్ను నోటీసు వచ్చిన రోజు రాత్రే ఒక ఉద్యోగిని నాకు ఫోన్ చేశారు. “2023-24లో పన్నెండు లక్షలు చూపించలేదంటున్నారండీ. నేను చూపించాను. ఫారం 16 నా చేతిలోనే ఉంది, దానికి జతగా ఇచ్చిన ఫారం 12బీఏలో కూడా 2023-24 అనే ఉంది” అన్నారు. రెండూ తెరిచి చూస్తే ఆవిడ చెప్పిందీ నిజమే, నోటీసు చెప్పిందీ నిజమే. ఫారం 12బీఏ మీద ఉన్నది ఆర్థిక సంవత్సరం 2023-24. నోటీసులో ఉన్నది అసెస్‌మెంట్ ఇయర్ 2023-24. ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాదే అసెస్‌మెంట్ ఇయర్ కాబట్టి అది ఆర్థిక సంవత్సరం 2022-23. అంకెలు ఒకటే, సంవత్సరాలు వేరు. ఆవిడ అప్పటికే “2023-24లో చూపించాను” అని ఒక్క ముక్కలో జవాబు టైప్ చేసి పెట్టుకున్నారు. అది పంపి ఉంటే అధికారి ఆ సంవత్సరం రిటర్ను తెరిచి, పన్నెండు లక్షలు కనిపించక, జవాబు అబద్ధమని తేల్చేసేవారు.

2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాటే లేదు, ‘టాక్స్ ఇయర్’ ఒక్కటే ఉంటుంది. కానీ పాత సంవత్సరాల గొడవలన్నీ పాత 1961 చట్టం ప్రకారమే నడుస్తాయి కాబట్టి ఈ తికమక ఇంకొన్నేళ్లు మనతోనే ఉంటుంది. ఈసాప్ విషయంలో నోటీసు వస్తే మొదట కాగితం మీద రాసుకోవాల్సింది ఇదే: నోటీసు అడుగుతున్నది ఏ ఏప్రిల్ నుంచి ఏ మార్చి దాకా?

నాలుగు తేదీలు, అందులో పన్ను పుట్టేది ఒక్కటే

ఈసాప్‌కి నాలుగు మజిలీలు ఉంటాయి. కంపెనీ ‘నీకు ఇన్ని షేర్లు ఈ ధరకు కొనుక్కునే హక్కు ఇస్తున్నాం’ అని లెటర్ ఇచ్చే రోజు గ్రాంట్. ఆ హక్కు వాడుకునే అర్హత వచ్చే రోజు వెస్టింగ్. కంపెనీల నిబంధనల ప్రకారం గ్రాంటుకీ వెస్టింగుకీ మధ్య కనీసం ఏడాది ఉండాలి. ‘సరే, కొంటున్నాను’ అని దరఖాస్తు పెట్టి డబ్బు కట్టే రోజు ఎక్సర్సైజ్. కంపెనీ బోర్డు తీర్మానం చేసి షేర్లు ఇచ్చే రోజు అలాట్‌మెంట్.

గ్రాంట్ రోజున ఉద్యోగి చేతిలో ఉన్నది ఒక ఉత్తరం. రేపు ఉద్యోగం మానేస్తే చాలావరకు అదీ పోతుంది. ఆ సంవత్సరంలో పన్ను వెయ్యడమంటే ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. అయినా గ్రాంట్ సంవత్సరానికి నోటీసులు వస్తుంటాయి. కంపెనీ ఇచ్చిన పట్టికలో పేరు పక్కన మొదటి తేదీ గ్రాంట్ తేదీయే కావడం దీనికి ఒక కారణం. వెస్టింగ్ సంవత్సరానికి వచ్చే నోటీసుల వెనక పాత జ్ఞాపకం కూడా ఉంటుంది. 2007లో ఈసాప్‌లని ఫ్రింజ్ బెనిఫిట్ టాక్స్ కిందకు తెచ్చినప్పుడు, కంపెనీ కట్టే ఆ పన్నుకి విలువని వెస్టింగ్ తేదీ నాటి ధరతోనే లెక్కగట్టేవారు. 2009 ఫైనాన్స్ చట్టంతో ఆ పన్ను పోయి, భారం మళ్లీ ఉద్యోగి జీతం మీదకే వచ్చింది. అప్పటి నుంచి వర్తించేది సెక్షన్ 17(2)(vi).

ఈ క్లాజుని నిదానంగా చదవాలి, ఎందుకంటే అందులో రెండు తేదీలకు రెండు వేర్వేరు పనులున్నాయి. యజమాని ఉచితంగానో తక్కువ ధరకో ‘అలాట్ చేసిన లేదా బదిలీ చేసిన’ షేర్ల విలువ పర్క్విజిట్, అంటే జీతంలో భాగం అంటుంది మొదటి వాక్యం. ఆ విలువ ఎంత అన్నది కింద వివరణలో ఉంది: ఆప్షన్ ఎక్సర్సైజ్ చేసిన తేదీన షేరు మార్కెట్ విలువ నుంచి ఉద్యోగి కట్టిన డబ్బు తీసేయగా మిగిలింది. అంటే పన్ను పుట్టేది షేర్లు చేతికిచ్చినప్పుడు. ధర మాత్రం కొంటానన్న రోజుది. ఎక్సర్సైజ్, అలాట్‌మెంట్ ఒకే ఆర్థిక సంవత్సరంలో ఉంటే ఈ తేడా ఎవరికీ పట్టదు. మార్చి 31 రెండింటి మధ్యన పడితేనే అసలు చిక్కు. ఆవిడ కేసు సరిగ్గా అదే.

ఆవిడ కాగితాలు

కంపెనీ పేరు చెప్పను, అంకెలు కూడా లెక్కకు వీలుగా మార్చాను. స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లేని ప్రైవేటు కంపెనీ. 2019 జూలై 10న 2,000 ఆప్షన్లు గ్రాంట్ చేశారు, ఒక్కోటి 100 రూపాయలకు. ఏటా 500 చొప్పున నాలుగేళ్లలో వెస్ట్ అవుతాయి. 2022 జూలైకి 1,500 వెస్ట్ అయ్యాయి. 2023 మార్చి 27న ఆవిడ ఆ 1,500 ఎక్సర్సైజ్ చేశారు. బోర్డు అలాట్‌మెంట్ తీర్మానం చేసింది ఏప్రిల్ 14న. డీమ్యాట్‌లో షేర్లు పడింది మే నెలలో.

లిస్టు కాని కంపెనీ షేరు విలువని సెబీలో రిజిస్టరైన కేటగిరీ-1 మర్చంట్ బ్యాంకర్ తేల్చాలి. అది ఎక్సర్సైజ్ రోజుదైనా కావచ్చు, దానికి ముందు 180 రోజుల లోపు ఏదో ఒక తేదీదైనా కావచ్చు. ఈ కంపెనీ దగ్గర 2022 డిసెంబర్ 31 నాటి రిపోర్టు ఉంది, షేరుకి 900 రూపాయలు. మార్చి 27కి 86 రోజుల ముందుది కాబట్టి చెల్లుతుంది. 900లోంచి 100 తీసేస్తే 800, దాన్ని 1,500తో గుణిస్తే 12 లక్షలు. ఆవిడ జీతం రెండు సంవత్సరాల్లోనూ 24 లక్షల దగ్గరే ఉంది కనుక ఈ మొత్తం 30 శాతం స్లాబులో పడుతుంది. 4 శాతం సెస్సుతో కలిపి పన్ను 3,74,400 రూపాయలు.

కంపెనీ పేరోల్ వాళ్లు దీన్ని 2023 ఏప్రిల్ జీతంలో చేర్చారు, టీడీఎస్ మే మొదటివారంలో కట్టారు. ఆర్థిక సంవత్సరం 2023-24 ఫారం 16లో, దానికి జతగా ఇచ్చే ఫారం 12బీఏలో స్టాక్ ఆప్షన్ల వరుసలో 12 లక్షలు ఉంది. ఆవిడ అసెస్‌మెంట్ ఇయర్ 2024-25 రిటర్నులో చూపించారు. ఇందులో తప్పేమీ లేదు.

2025 నవంబర్‌లో సెక్షన్ 148ఏ(1) కింద షోకాజ్ నోటీసు వచ్చింది. కంపెనీ దగ్గర తీసుకున్న ఎక్సర్సైజ్ జాబితాలో మార్చి 27 తేదీ ఉంది, ఆ సంవత్సరం రిటర్నులో పర్క్విజిట్ లేదు, కాబట్టి అసెస్‌మెంట్ ఇయర్ 2023-24లో 12 లక్షల ఆదాయం తప్పించుకుందని, కేసు ఎందుకు తిరిగి తెరవకూడదో చెప్పమని. ఇది ఇంకా పన్ను డిమాండ్ కాదు. పాత సంవత్సరాన్ని తెరవాలా వద్దా అని తేల్చుకునే ముందు అడిగే ప్రశ్న. గడువు సంగతి కూడా చూశాం: తప్పిన ఆదాయం 50 లక్షల లోపైతే అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక మూడేళ్ల వరకే ఈ నోటీసు ఇవ్వొచ్చు. ఇక్కడ అది 2027 మార్చి 31. కనుక ‘గడువు దాటింది’ అనే దారి మూసుకుపోయింది. నోటీసు మీదున్న గుర్తింపు సంఖ్య, డీఐఎన్, ఆదాయపు పన్ను పోర్టల్‌లో సరిపోయింది, కాబట్టి దొంగ నోటీసూ కాదు.

పన్ను కట్టేశాం కదా, ఏ సంవత్సరమైతే ఏంటి అని ఆవిడ భర్త అడిగారు. సంవత్సరం మారితే పాత సంవత్సరానికి పన్ను 3,74,400తో పాటు వడ్డీ అడుగుతారు. పైగా ఆదాయం తక్కువ చూపించారని సెక్షన్ 270ఏ కింద ఆ పన్నులో సగం, అంటే 1,87,200 పెనాల్టీ ప్రతిపాదించవచ్చు. తర్వాతి సంవత్సరంలో కట్టింది వెనక్కి రావాలంటే దానికి వేరే దరఖాస్తు, వేరే నిరీక్షణ.

తేదీ చెప్పే కాగితం ఏది?

జవాబంతా ఒక్క తేదీ మీద నిలబడుతుంది: అలాట్‌మెంట్ 2023 ఏప్రిల్ 14. దాన్ని రుజువు చేసేది ఏది అన్నదే ప్రశ్న.

కంపెనీ వాడే ఈసాప్ పోర్టల్ నుంచి ఆవిడ మొదట ఒక స్టేట్‌మెంట్ తీశారు. అందులో ఎక్సర్సైజ్‌కీ అలాట్‌మెంట్‌కీ కలిపి ఒకటే కాలమ్, అందులో మార్చి 27. హెచ్ఆర్ వాళ్లు ఆ స్టేట్‌మెంట్ చూసే సర్టిఫికెట్ తయారు చేసి, ‘షేర్లు 27-03-2023న అలాట్ చేయబడినవి’ అని రాసి, ముద్ర వేసి పంపారు. అది జత చేసి ఉంటే మన కేసుని మనమే ఓడించుకున్నట్టు. కంపెనీ ఇచ్చిన కాగితం కదా అని ఎవరూ చదవరు. నేను మాత్రం ఇలాంటివి వచ్చినప్పుడు ముందు తేదీలే చూస్తాను, మిగతాది తర్వాత.

అసలు రుజువు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి బోర్డు తీర్మానం ధ్రువీకృత నకలు. రెండోది అలాట్‌మెంట్ తర్వాత కంపెనీ రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కి వేసే పీఏఎస్-3 ఫారం. అందులో అలాట్‌మెంట్ తేదీ, షేర్ల సంఖ్య ఉంటాయి. ఎవరెవరికి ఎన్ని అన్న జాబితా జతగా ఉంటుంది. నోటీసు రావడానికి రెండున్నరేళ్ల ముందే ప్రభుత్వ రికార్డులోకి వెళ్లిన కాగితం అది. ఇప్పుడు నోటీసు చూసి పుట్టించిందని ఎవరూ అనలేరు. కంపెనీ ఇవ్వడానికి నసిగితే ఫీజు కట్టి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ సైట్‌లో మనమే చూసుకోవచ్చు. దాని నకలు కంపెనీ సెక్రటరీకి పంపాక హెచ్ఆర్ సర్టిఫికెట్ సరిదిద్ది ఇచ్చారు.

డీమ్యాట్ స్టేట్‌మెంట్ కూడా పెట్టాం, కానీ మే తేదీని అలాట్‌మెంట్ తేదీగా చెప్పలేదు. కొత్తగా జారీ చేసిన షేర్లకు తేదీ అంటే బోర్డు తీర్మానం తేదీయే. ఖాతాలో పడటం దాని తర్వాతి పని. ఈసాప్ ట్రస్టు తన దగ్గరున్న పాత షేర్లని ఉద్యోగికి ఇస్తే కథ వేరు. అప్పుడది అలాట్‌మెంట్ కాదు, బదిలీ. డీమ్యాట్ తేదీకి అక్కడ బరువు ఎక్కువ.

ఇక మన వైపు బలహీనత ఒకటుంది. ఆవిడ బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో మార్చి 27నే కంపెనీకి 5,24,400 రూపాయలు వెళ్లాయి. షేర్ల ధర 1,50,000, దాంతో పాటు పన్ను కోసం ముందుగానే కట్టించుకున్న 3,74,400. పన్ను మార్చిలోనే వసూలైందంటే ఆదాయం కూడా మార్చిలోనే వచ్చినట్టు కదా అని అధికారి అడగొచ్చు. బ్యాంక్ స్టేట్‌మెంట్ పెట్టకపోతే సరిపోతుందేమో అని ఆవిడకి అనిపించింది. నేను ఒప్పుకోలేదు. దాచిన కాగితం తర్వాత బయటపడితే మిగతా కాగితాల విలువ కూడా పోతుంది. జవాబులోనే రాశాం: ఆ 3,74,400 అలాట్‌మెంట్ జరిగితే తగలబోయే పన్ను కోసం కంపెనీ దగ్గర ఉంచిన డబ్బు, కంపెనీ దాన్ని టీడీఎస్‌గా లెక్కలోకి తీసుకున్నది ఏప్రిల్ జీతంతో, ప్రభుత్వానికి కట్టింది మేలో. దీనికి రుజువుగా ఏప్రిల్ పే స్లిప్, ఆవిడ పేరున జమైన పన్నులు చూపే ఫారం 26ఏఎస్‌లో ఆ ఎంట్రీ.

జవాబు ఎలా రాశాం

జవాబు ఇంగ్లీషులో నాలుగు పేజీలు దాటలేదు. మొదటి పేజీలో కథే లేదు. గ్రాంట్, వెస్టింగ్, ఎక్సర్సైజ్, అలాట్‌మెంట్, పేరోల్, టీడీఎస్ జమ, రిటర్ను: ఒక్కోదానికీ తేదీ, అది ఏ ఆర్థిక సంవత్సరం, ఏ అసెస్‌మెంట్ ఇయర్, దానికి ఆధారం ఏ అనుబంధం. సంవత్సరాలు రెండు పేర్లతోనూ రాశాం, ‘2023-24’ అని ఎక్కడా ఒంటరిగా వదల్లేదు. అధికారికి ఆ ఒక్క పేజీ చాలు; మిగతావి తిప్పి సరిచూసుకోడానికి.

రెండో పేజీలో చట్టం. సెక్షన్ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి, పన్నుకి ఆధారం అలాట్‌మెంట్ అనీ, ఎక్సర్సైజ్ తేదీని చట్టం విలువ కట్టడానికే వాడిందనీ చూపించాం. దీనికి అండగా ఇంకో సెక్షన్ ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. రేపు ఈ షేర్లు అమ్మితే మూలధన లాభం దీర్ఘకాలికమా స్వల్పకాలికమా అని తేల్చడానికి రోజులు లెక్కపెట్టేది అలాట్‌మెంట్ లేదా బదిలీ తేదీ నుంచే అని సెక్షన్ 2(42ఏ) వివరణ చెబుతుంది. షేరు ఉద్యోగి సొంతమైంది ఆ రోజేనని చట్టం ఇంకోచోట కూడా అంటోందన్నమాట.

సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన ఇన్ఫోసిస్ తీర్పుని చాలామంది ఇలాంటి జవాబుల్లో అతికిస్తారు. నేను పెట్టలేదు. అది 1990ల చివరి అసెస్‌మెంట్ సంవత్సరాలది, ఈసాప్ విలువ ఎలా కట్టాలో చట్టంలో అప్పటికి స్పష్టమైన నియమం లేదు. ఇప్పుడు ఉంది. దాని మీద ఆధారపడితే అధికారికి తేలిగ్గా తోసిపుచ్చే అవకాశం ఇచ్చినట్టే.

అదే కోర్టు 2013లో ఎక్సెల్ ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది మాత్రం పనికొచ్చింది. పన్ను రేటు రెండు సంవత్సరాల్లోనూ ఒకటే అయినప్పుడు, ఏ సంవత్సరంలో వేయాలన్న తగవుతో ఖజానాకి ఒరిగేదేమీ లేదన్నది దాని సారాంశం. ఆవిడ మొదటి సంవత్సరం పాత పద్ధతిలో, రెండో సంవత్సరం కొత్త పద్ధతిలో ఉన్నారు. అయినా 24 లక్షల పైన పడే రూపాయికి రెండింటిలోనూ 30 శాతమే, సర్‌చార్జి కూడా లేదు. రేట్లు వేరుగా ఉన్నవాళ్లు ఈ వాదన ఎత్తకపోవడమే మంచిది, లెక్క చూపించి మరీ మనమే ఇరుక్కుంటాం.

చివర ఒక ప్రత్యామ్నాయ విన్నపం. ఒకవేళ ఆదాయం అసెస్‌మెంట్ ఇయర్ 2023-24దే అనుకుంటే, టీడీఎస్ క్రెడిట్ కూడా రూల్ 37బీఏ ప్రకారం ఆదాయం వెంటే ఆ సంవత్సరానికి రావాలి, తర్వాతి సంవత్సరంలో చూపిన 12 లక్షలు తీసేయాలి అని. ‘మా మొదటి వాదనని వదులుకోకుండా’ అన్న మాట దీని ముందు తప్పనిసరి. లేదంటే ఒప్పుకున్నట్టు చదువుతారు.

ఇదంతా పోర్టల్‌లో Pending Actions కింద e-Proceedings లో, నోటీసులో ఇచ్చిన గడువుకి మూడు రోజుల ముందే అప్‌లోడ్ చేశాం. అనుబంధాలకి ఫైల్ పేర్లలోనే నంబరూ తేదీ పెట్టాం. వచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ సేవ్ చేసుకున్నాం.

ఈ వాదన ఎక్కడ పనిచేయదు?

ఆర్ఎస్‌యూలకి, అంటే కొనే ఆప్షన్ కాకుండా కంపెనీ నేరుగా ఇస్తానని మాటిచ్చిన షేర్లకి, ఇది పనికిరాదు. అక్కడ ఎక్సర్సైజ్ అన్న మెట్టే ఉండదు, వెస్ట్ అయితే మామూలుగా షేర్లు వచ్చేస్తాయి. కాబట్టి వెస్టింగ్ సంవత్సరానికి నోటీసు వస్తే అది సాధారణంగా సరైన సంవత్సరమే. ఎక్సర్సైజ్ చేసిన రోజే అమ్మేసుకునే పద్ధతిలోనూ తేదీల మధ్య ఎడం దాదాపు ఉండదు. గుర్తింపు పొందిన స్టార్టప్ ఉద్యోగులకి 2020 నుంచి టీడీఎస్‌ని కొన్నేళ్లు వాయిదా వేసే వీలుంది, కానీ వాయిదా పడేది పన్ను కట్టడమే. ఆదాయం మాత్రం అలాట్‌మెంట్ సంవత్సరానిదే. ఆ రిటర్నులో చూపించకుండా వదిలేసినవాళ్లకి వచ్చే నోటీసు తప్పు సంవత్సరానిది కాదు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది, కంపెనీయే మార్చి నెల పేరోల్‌లో చూపించి, అలాట్‌మెంట్ ఏప్రిల్‌లో చేయడం. అప్పుడు ఫారం 16 ఒక సంవత్సరం చెబుతుంది, పీఏఎస్-3 ఇంకోటి చెబుతుంది. అలాంటి వాళ్లు చట్టం మాట ఎలా ఉన్నా ఫారం 16లో ఉన్న సంవత్సరంలోనే చూపించి, దానికి కారణం ఫైల్లో రాసి పెట్టుకుంటే గొడవ తక్కువ అన్నది నా అభిప్రాయం. టీడీఎస్ అక్కడే ఉంది కాబట్టి.

ఆవిడ కేసులో సెక్షన్ 148ఏ(3) కింద ఉత్తర్వు వచ్చింది, ఒకటిన్నర పేజీ. అలాట్‌మెంట్ తేదీ పీఏఎస్-3తో ధ్రువపడిందనీ, ఆదాయం అసెస్‌మెంట్ ఇయర్ 2024-25లో చూపారనీ రాసి, తిరిగి తెరవదగ్గ కేసు కాదని ముగించారు. మిగిలిన 500 ఆప్షన్లు ఆవిడ ఇంకా ఎక్సర్సైజ్ చేయలేదు. మొన్న ఫోన్ చేసి, బోర్డు మీటింగ్ ఎప్పుడుందో కనుక్కున్నాకే దరఖాస్తు పెడతానన్నారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రం దాని జోలికి పోనంటున్నారు.